ద్రవ్యోల్బణం తగ్గిందట, మరి మా అమ్మమ్మ పద్దు పుస్తకంలో ఖర్చు ఎందుకు పెరిగింది?

శ్రావ్య | 12 ఆగస్టు 2024, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నేను ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. మాకు అర్థశాస్త్రం లేదు. ఇంట్లో ఒక పేచీ తేలక ఇక్కడ అడుగుతున్నాను.

ఈరోజు ఏడు గంటల వార్తలు చూస్తున్నాం. అమ్మమ్మ చేటలో గోరుచిక్కుళ్లు పోసుకుని తుంచుతోంది. "జులైలో ద్రవ్యోల్బణం 3.54 శాతానికి దిగివచ్చింది, 59 నెలల్లో ఇదే కనిష్ఠం, జూన్‌లో ఇది 5.08 శాతం" అని చదివారు.

"ఏది దిగిందట?" అంది అమ్మమ్మ.

"ధరలు" అన్నాను.

"ఎవరి ఊళ్లో?"

అంకెలు చూపిస్తే ఒప్పుకుంటుందనుకున్నాను. 5.08లోంచి 3.54 తీసేస్తే ఒకటిన్నర, కాబట్టి ధరలు ఒకటిన్నర శాతం తగ్గాయి అని చెప్పాను. "అయితే వంద రూపాయల సరుకు తొంభై ఎనిమిదిన్నరకు ఏ కొట్లో ఇస్తున్నారో చూపించు, రేపే వెళదాం" అంది. తన పద్దు పుస్తకం తెమ్మంది. పెళ్లయినప్పటి నుంచి ఇంటి ఖర్చు రాస్తుంది. జూన్ పేజీలో టమాటా కిలో 45, జులై పేజీలో 60. బియ్యం, కందిపప్పు, పాలు ఏవీ తగ్గలేదు. నెల మొత్తం ఖర్చు జూన్ కంటే జులైలోనే ఎక్కువ.

ఆవిడ పుస్తకం తప్పా, వార్తలు తప్పా?

---

కరెన్సీ కబుర్లు | 12 ఆగస్టు 2024, రాత్రి 9:32

శ్రావ్య గారూ, రెండూ తప్పు కాదు. ద్రవ్యోల్బణం అనేది ధర కాదు, ధర పెరిగే వేగం. బస్సు గంటకు 80 కిలోమీటర్ల నుంచి 60కి తగ్గితే నెమ్మదించింది అంటాం, వెనక్కి వెళ్లింది అనం కదా. ధరలు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి, కాకపోతే నెమ్మదిగా. ఇక అసలు కారణం ఒకటే. రిజర్వు బ్యాంకు నోట్లు ఎక్కువ ముద్రిస్తే డబ్బు విలువ పడిపోతుంది, సరుకుల ధరలు పెరుగుతాయి. ముద్రణ తగ్గిస్తే వేగమూ తగ్గుతుంది. అమ్మమ్మ గారికి ఇంతే చెప్పండి.

---

పింఛనుదారు 62 | 12 ఆగస్టు 2024, రాత్రి 10:05

ఈ 3.54ని బట్టి జులై నుంచి మాకు రావలసిన కరువు భత్యం తగ్గుతుందా? నేను కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుణ్ణి. ప్రస్తుతం 50 శాతం వస్తోంది. తెలిసినవారు చెప్పగలరు.

---

శ్రావ్య | 12 ఆగస్టు 2024, రాత్రి 10:20

కరెన్సీ కబుర్లు గారూ, బస్సు సంగతి అమ్మమ్మకు చెప్పాను. "అది సరే. వేగం తగ్గితే జూన్‌లో ఎంత పెరిగాయో జులైలో అంతకంటే తక్కువ పెరగాలి కదా? నా పుస్తకంలో జులైలోనే ఎక్కువ పెరిగాయి" అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

---

పాత ఎన్యూమరేటరు | 13 ఆగస్టు 2024, ఉదయం 6:40

అమ్మాయీ, మీ అమ్మమ్మ గారు సరిగ్గా పట్టుకున్నారు. బస్సు వేగం చెప్పి ముగించేవాళ్లు ఈ జులై దగ్గర దొరికిపోతారు. ధరలు సేకరించే కొలువులోనే నా ఉద్యోగ జీవితం గడిచింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

వార్తల్లో చెప్పిన 3.54 ఒక సూచీలోంచి పుడుతుంది. 2012లో దేశంలో సగటు కుటుంబం కొనే సరుకుల మూటను 100 అనుకుంటే, అదే మూట ఈ నెల ఎంతవుతుందో చెప్పేదే వినియోగదారుల ధరల సూచీ. గత జూన్‌లో, అంటే 2024 జూన్‌లో, అది 190.2. జులైలో 192.9. ఒక్క నెలలో 1.4 శాతం పెరుగుదల. ఇది చిన్నది కాదు. నెలకు ఇంత చొప్పున ఏడాదంతా పెరిగితే గగ్గోలు పుడుతుంది. కాబట్టి జులైలో ఖర్చు పెరిగిందన్న మీ అమ్మమ్మ గారి పుస్తకమూ, ప్రభుత్వ సూచీ కూడా ఒకే మాట చెబుతున్నాయి.

మరి వార్తల్లో తగ్గింది అన్నదేమిటి? వాళ్లు ఈ జులైని ఈ జూన్‌తో పోల్చరు, పోయిన ఏడాది జులైతో పోలుస్తారు. పోయిన ఏడాది అంకెలు చూడు.

2023 జూన్‌లో సూచీ 181.0. జులైలో 186.3. అంటే ఒక్క నెలలో దాదాపు 3 శాతం దూకింది. టమాటా గుర్తుందా? ఆ నెలే.

ఇప్పుడు నువ్వే భాగించు. 190.2 ÷ 181.0 చేస్తే 5.08 శాతం పెరుగుదల వస్తుంది. 192.9 ÷ 186.3 చేస్తే 3.54 వస్తుంది. పై అంకె పెరిగింది. కానీ కింది అంకె అంతకు రెట్టింపు పెరిగింది. అందుకని భాగఫలం తగ్గింది. జులై వార్తలో ఉన్నదల్లా అదే. ఈ ఏడాది ధరలు దిగలేదు, పోయిన ఏడాది ధరలు అప్పటికే చెట్టెక్కి కూర్చున్నాయి. అంతకు నాలుగు రోజుల ముందే, 8వ తేదీన వడ్డీ రేటును 6.5 శాతం దగ్గరే ఉంచుతూ, జులై అంకె ఇలా కిందికి కనిపిస్తుందని రిజర్వు బ్యాంకు ముందే హెచ్చరించింది కూడా.

---

మదనపల్లె రైతుబిడ్డ | 13 ఆగస్టు 2024, ఉదయం 7:15

పోయిన జులై సంగతి మేం మరిచిపోలేం. మా మార్కెట్ యార్డులోనే కిలో నూట యాభై దాటింది. తోటల్లో రాత్రిపూట కాపలా పడుకున్నాం.

టీవీలో వానలు, పురుగు అని చెప్పారు. అవీ నిజమే. కానీ అసలు కథ అంతకు ముందే మొదలైంది. వేసవిలో ధర పలకక చాలామంది తోటలు వదిలేశారు, కొందరు దున్నేశారు. ఎండలకు, వైరస్‌కు మిగిలిన తోటలు దెబ్బతిన్నాయి. నారు నాటాక మొదటి కోతకు రెండు నెలలు పైనే పడుతుంది. అందుకని కొరత మొదలైతే రెండు నెలలు ఎవరేం చేసినా కాయ రాదు. ధర చూసి అందరూ ఒకేసారి నాటారు, సెప్టెంబరుకు అందరి కాయా ఒకేసారి వచ్చింది. అప్పుడు కిలోకు అయిదు రూపాయలు కూడా రాలేదు. కోత కూలి, పెట్టె కిరాయి కూడా గిట్టక చేలోనే వదిలేసినవాళ్లు ఉన్నారు.

కరెన్సీ కబుర్లు అన్నా, జులైలో రిజర్వు బ్యాంకు నోట్లు నాలుగింతలు ముద్రించి సెప్టెంబరులో మళ్లీ కాల్చేసిందా?

---

కరెన్సీ కబుర్లు | 13 ఆగస్టు 2024, ఉదయం 9:02

టమాటా ఒక్కదాని గురించి నేను అనలేదు. అన్ని ధరలూ ఏళ్ల తరబడి పెరుగుతూ పోవడానికి డబ్బు సరఫరాతో సంబంధం లేదంటారా?

---

పాత ఎన్యూమరేటరు | 13 ఆగస్టు 2024, ఉదయం 9:40

లేదని ఎవరూ అనరు. 2012లో 100 ఉన్నది ఇప్పుడు 193 దగ్గరికి వచ్చిందంటే, ఆ పన్నెండేళ్ల కథలో డబ్బూ, వడ్డీలూ, జీతాలూ అన్నీ ఉంటాయి. కానీ జూన్‌కీ జులైకీ మధ్య తేడాను దాంతో చెప్పలేం. ఈ అమ్మాయి అడిగింది ఆ తేడా గురించి. అది పొలంలో జరిగింది, ముద్రణాలయంలో కాదు.

శ్రావ్యా, ఒక పని చేయగలవా? అమ్మమ్మ గారి పుస్తకంలో పోయిన ఏడాది జూన్, జులై పేజీలు ఉంటే ఆ ఖర్చు ఇక్కడ రాయి. మూడు నాలుగు సరుకులు చాలు.

---

శ్రావ్య | 13 ఆగస్టు 2024, సాయంత్రం 6:25

పుస్తకం దొరికింది. అట్ట చివర సొంత గుర్తులు కూడా ఉన్నాయి, "పా" అంటే పాలు, "గ్యా" అంటే గ్యాస్. మాస్టారూ, చూసి ఆశ్చర్యపోయాను. 2023 జులైలో టమాటాకు 210 రూపాయలు ఖర్చయింది. ఈ జులైలో 240. అంటే పోయిన ఏడాది కంటే ఈ ఏడాదే టమాటా ఖర్చు ఎక్కువ! కిలో ధర చూస్తే అప్పుడు 140, ఇప్పుడు 60. ఇదెలా?

---

గృహిణి లలిత | 13 ఆగస్టు 2024, సాయంత్రం 6:50

అమ్మమ్మ గారు పోయిన ఏడాది కిలోన్నరే కొని ఉంటారు. మేమూ అంతే. ఆ నెలంతా చింతపండు చారు, దోసకాయ పప్పు, గోంగూర. టమాటా పెట్టే చోట కాస్త మామిడి ఒరుగు.

---

శ్రావ్య | 13 ఆగస్టు 2024, సాయంత్రం 7:05

అవును లలిత గారూ! "1½ కి" అని రాసి ఉంది. ఈ ఏడాది "4 కి". అడిగితే, "నూట నలభై పెట్టి పచ్చడి చేస్తారా ఎవరైనా" అంది.

---

పాత ఎన్యూమరేటరు | 13 ఆగస్టు 2024, రాత్రి 8:30

ఇక్కడే చాలామంది జారిపోతారు. ఖర్చు వేరు, ధర వేరు. మనిషి ధర చూసి కొనే పరిమాణం మార్చుకుంటాడు. కాబట్టి పుస్తకంలో రాసిన ఖర్చును ఖర్చుతో పోలిస్తే ధరల సంగతి తెలియదు. సూచీ లెక్కలో పరిమాణం కదలదు. టమాటా కిలో రెండు వందలైనా సగటు కుటుంబం మామూలుగా కొన్నంతా కొంటుందనే లెక్క కడతారు. దీనివల్ల అలాంటి నెలల్లో సూచీ కాస్త ఎక్కువ చూపిస్తుందని విమర్శ కూడా ఉంది, అది సమంజసమే.

మేం కొట్లకు వెళ్లేటప్పుడు కూడా ఇదే నియమం. ప్రతి సరుకుకూ ఏ రకం, ఎంత పరిమాణం, ఏ కొట్టు అనేది ముందే రాసి ఉంటుంది. పోయిన నెల ఏ కొట్లో ఏ రకం బియ్యం అడిగానో ఈ నెలా అక్కడే అదే అడగాలి. ఆ కొట్టు మూసి ఉంటే పక్కన పెట్టుకున్న మరో కొట్టు ఉంటుంది. చవగ్గా ఉందని వేరే రకం రాసుకొస్తే మొత్తం లెక్క పాడవుతుంది. దేశం మొత్తం మీద పట్టణాల్లో 1,114 బజార్లు, 1,181 గ్రామాల నుంచి ఇలా ధరలు వస్తాయి. కొన్ని కొట్ల యజమానులు నన్ను చూడగానే, అడగకముందే ధరలు ఏకరువు పెట్టేవారు. బోణీ కాకముందు వెళితే మాత్రం చీదరించుకునేవారు.

సరే, పరిమాణం కదలకుండా మీ ఇంటి సూచీ కట్టు. బియ్యం 20 కిలోలు, కందిపప్పు 3 కిలోలు, పాలు 30 లీటర్లు, టమాటా 4 కిలోలు అనుకో. నాలుగు నెలల ధరలు వేసి చూడు.

---

శ్రావ్య | 14 ఆగస్టు 2024, రాత్రి 8:15

చేశాను మాస్టారూ. బియ్యం, పప్పు, పాలకు జూన్‌లోనూ జులైలోనూ ఒకే ధర ఉంది కాబట్టి సులువైంది.

2023లో బియ్యం 52, కందిపప్పు 140, పాలు 60. ఈ మూటకు 3,260 రూపాయలు. 2024లో బియ్యం 58, పప్పు 175, పాలు 62. అదే మూటకు 3,545.

ఇక టమాటా. 2023 జూన్‌లో కిలో 30, కాబట్టి నాలుగు కిలోలు 120. జులైలో 140 చొప్పున 560. 2024 జూన్‌లో 45 చొప్పున 180, జులైలో 60 చొప్పున 240.

మొత్తం:

2023 జూన్ 3,380, జులై 3,820.
2024 జూన్ 3,725, జులై 3,785.

ఏడాదితో పోలిస్తే జూన్‌లో మా ఇంటి ద్రవ్యోల్బణం 10.2 శాతం. జులైలో సున్నా కంటే తక్కువ, మైనస్ 0.9! కానీ ఈ జూన్ నుంచి ఈ జులైకి అరవై రూపాయలు పెరిగింది. టీవీ వాళ్లు మా ఇంటికి వస్తే "శ్రావ్య వాళ్ల ఇంట్లో ధరలు తగ్గుముఖం" అని చదివి వెళ్లిపోయేవారు.

అమ్మమ్మకు కాగితం చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని కూడికలు మళ్లీ చేసుకుంది. "బియ్యం పెరిగింది, పప్పు పెరిగింది, పాలు పెరిగాయి. ఒక్క టమాటా అప్పుడు మండిపోయింది కాబట్టి ఇప్పుడు అన్నీ తగ్గాయని అంటారా? అది వార్త ఎలా అవుతుంది?" అంది.

---

ఎడిసన్ నివాసి | 15 ఆగస్టు 2024, ఉదయం 5:50

అమ్మమ్మ గారి ప్రశ్న నాకు నచ్చింది. ఇక్కడ అమెరికాలో నెలవారీ అంకె కూడా పక్కనే చెబుతారు, పోయిన నెలతో పోలిస్తే ఇంత అని. వార్తల్లో ముందు అదే వస్తుంది. ఇండియాలో కూడా నెల మీద నెల లెక్క చెబితే ఈ గొడవ ఉండదు కదా?

---

పాత ఎన్యూమరేటరు | 15 ఆగస్టు 2024, ఉదయం 8:10

సూచీ అంకెలు ప్రతి నెలా ప్రకటిస్తారు, నెల మీద నెల లెక్క ఎవరైనా కట్టుకోవచ్చు. కానీ దాన్ని పెద్ద అక్షరాల్లో వేస్తే మరో చిక్కు. మన దగ్గర వానకాలం వస్తే కూరగాయలు పెరుగుతాయి, చలికాలంలో తగ్గుతాయి. దాదాపు ఏటా ఇంతే. నెలతో నెల పోలిస్తే ప్రతి జులైలోనూ కొంప మునిగిందనీ, ప్రతి డిసెంబరులోనూ అంతా బాగుందనీ చెప్పాల్సి వస్తుంది. మీ అమెరికాలో ఆ రుతువుల ఊగిసలాటను గణితంతో తీసేసి చెబుతారు, మీరు వినేది ఆ సవరించిన అంకె. ఇక్కడ జులైని జులైతో పోల్చి ఆ ఊగిసలాట తప్పించుకుంటారు. కానీ అప్పుడు పోయిన ఏడాది విపరీతమైతే అది ఈ ఏడాది లెక్కలోకి దూరుతుంది. ఏ పద్ధతికి ఆ జబ్బు ఉంది.

ఇంకో మాట, శ్రావ్యా. నీ నాలుగు సరుకుల మూటలో టమాటా మరీ పెద్ద వాటా తీసుకుంది కాబట్టి 10.2 నుంచి మైనస్‌కు ఊగింది. దేశ సూచీలో టమాటా వాటా నూటికి ఒక రూపాయి కూడా ఉండదు. కూరగాయలన్నీ కలిపి ఆరు రూపాయలు. అయినా 2023 జులైలో అంత ఎగిరిందంటే ధర ఎన్నింతలైందో ఊహించుకో.

---

గృహిణి లలిత | 15 ఆగస్టు 2024, మధ్యాహ్నం 2:30

ఆ వాటాలు ఎవరు నిర్ణయించారు? మా ఇంట్లో కూరగాయలకంటే పిల్లల ఫీజు, మందులు, ఫోను రీఛార్జిలే ఎక్కువ. మా అత్తగారి మందులకే నెలకు మూడు వేలు.

---

పాత ఎన్యూమరేటరు | 15 ఆగస్టు 2024, సాయంత్రం 5:00

2011-12లో ఇంటింటి ఖర్చుల సర్వే జరిగింది, ఆ వాటాలే ఇప్పటికీ నడుస్తున్నాయి. అందులో తిండికి, పానీయాలకు కలిపి నూటికి 45.86. పల్లెల్లో అయితే 54. టేప్ రికార్డర్లు, క్యాసెట్లు కూడా ఇంకా ఆ జాబితాలో ఉన్నాయంటే నవ్వొస్తుంది. పన్నెండేళ్లలో జనం తిండి మీద పెట్టే వాటా తగ్గింది, మీరు చెప్పిన ఫీజులు, మందుల వంటివి పెరిగాయి. కొత్త వాటాలు వేయాలని ప్రయత్నాలు సాగుతున్నాయి. అవి వచ్చాక టమాటా ఇంత చక్రం తిప్పదు. కానీ ఏ సగటు అంకె అయినా మీ ఇంటికి అచ్చంగా సరిపోదు లలిత గారూ.

పింఛనుదారు గారూ, మిమ్మల్ని మరిచిపోలేదు. మీ భత్యం ఈ 3.54 మీద ఆధారపడదు. దానికి పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ వేరే ఉంది, కార్మిక శాఖ వాళ్లది, 2016ని 100గా పెట్టుకున్నది. పైగా పన్నెండు నెలల సగటు తీస్తారు. ఒక్క జులై పైకో కిందికో ఊగినంత మాత్రాన అది కదిలిపోదు. ఇప్పుడు ఇస్తున్నది తగ్గిస్తారన్న భయం అక్కర్లేదు.

---

పింఛనుదారు 62 | 15 ఆగస్టు 2024, రాత్రి 7:45

ధన్యవాదాలు. ఎంత పెరుగుతుందో చెప్పగలరా?

---

కరెన్సీ కబుర్లు | 15 ఆగస్టు 2024, రాత్రి 9:20

ఇదంతా చదివాక నాకు ఒకటి అనిపిస్తోంది. పోయిన నెలలో వచ్చిన ఆర్థిక సర్వేలో ముఖ్య ఆర్థిక సలహాదారు అనంత నాగేశ్వరన్ గారు ఒక సూచన చేశారు, ఆహారాన్ని పక్కన పెట్టిన ద్రవ్యోల్బణాన్ని లక్ష్యంగా పెట్టుకునే సంగతి పరిశీలించాలని. అదే సబబు. పంట పోతే వడ్డీ రేటు పెంచి రిజర్వు బ్యాంకు చేసేదేముంది? వడ్డీ పెరిగిందని టమాటా మొక్క తొందరగా కాస్తుందా?

---

పాత ఎన్యూమరేటరు | 16 ఆగస్టు 2024, ఉదయం 6:30

మొక్క సంగతి నిజం. కానీ జనం ఖర్చులో దాదాపు సగం తిండే అయినప్పుడు, తిండిని వదిలేసి "మా లక్ష్యం 4 శాతం, అందుకున్నాం" అంటే ఎవరు నమ్ముతారు? టమాటా రెండు నెలల్లో దిగుతుంది, సరే. కందిపప్పు రెండేళ్లుగా పెరుగుతూ కూర్చుంది, దాన్నీ వదిలేయాలా? కూలీలు ఆ ధర చూసే కదా కూలి పెంచమంటారు. అప్పుడు అది తిండి దగ్గర ఆగదు.

---

కరెన్సీ కబుర్లు | 16 ఆగస్టు 2024, ఉదయం 8:55

కందిపప్పు దిగుమతి చేసుకుంటే దిగుతుంది, వడ్డీతో కాదు. మీ వాదన నాకు ఎక్కలేదు మాస్టారూ.

---

ఎడిసన్ నివాసి | 16 ఆగస్టు 2024, రాత్రి 10:10

ఇక్కడ తిండి, ఇంధనం తీసేసిన అంకెను పక్కన చెబుతారు, కానీ అమెరికన్లకు తిండి ఖర్చు వాటా మనకంటే చాలా తక్కువ. అందుకని ఇక్కడి పద్ధతి అక్కడ అతకదేమో. నాకూ తేలడం లేదు.

---

శ్రావ్య | 14 అక్టోబరు 2024, రాత్రి 8:40

చర్చ మళ్లీ పైకి తెస్తున్నందుకు ఏమీ అనుకోకండి. దసరా సెలవులకు ఇంట్లోనే ఉన్నాను. ఈరోజు సెప్టెంబరు అంకె వచ్చింది: 5.49 శాతం. ఆగస్టులో 3.65 ఉండేది. టీవీలో "భగ్గుమన్న ధరలు" అని ఎర్ర అక్షరాలు.

ఈసారి అమ్మమ్మే ముందుగా, "పోయిన ఏడాది సెప్టెంబరు పేజీ తియ్యి" అంది. తీశాను. టమాటా కిలో 15. జులైలో 140 ఉన్నది 15కి పడింది. మాస్టారు చెప్పిన కింది అంకె పడిపోయింది కాబట్టి ఇప్పుడు శాతం ఎగిరినట్టేనా?

---

పాత ఎన్యూమరేటరు | 14 అక్టోబరు 2024, రాత్రి 9:25

చాలావరకు అదే. 2023 ఆగస్టులో సూచీ 186.2, సెప్టెంబరులో 184.1. కింద రెండు పాయింట్లు పడింది. ఈ ఏడాది ఆగస్టు 193.0, సెప్టెంబరు 194.2. అంటే ఈ సెప్టెంబరులో పెరిగింది 0.6 శాతమే. జులైలో 1.4 శాతం పెరిగినప్పుడు "కనిష్ఠం" అన్నారు, సెప్టెంబరులో 0.6 పెరిగితే "భగ్గుమన్న" అంటున్నారు. రెండు వార్తలూ పక్కపక్కన పెట్టి అమ్మమ్మ గారికి చదివి వినిపించు.

కానీ అంతా పోయిన ఏడాది పుణ్యమే అనుకోవద్దు. ఈ ఏడాది కూరగాయలు, నూనెలు నిజంగానే పెరుగుతున్నాయి. కింది అంకె ఎంత, పై అంకె ఎంత అని విడదీసి చూడాలి.

---

మదనపల్లె రైతుబిడ్డ | 14 అక్టోబరు 2024, రాత్రి 9:50

పోయిన సెప్టెంబరులో అమ్మమ్మ గారికి కిలో 15కి వచ్చిందంటే నాకు అందులో మూడో వంతు వచ్చి ఉంటుంది. ఆ నెల అంకె చూసి ధరలు అదుపులోకి వచ్చాయని సంతోషించారు. ఇప్పుడు నాలుగు డబ్బులు కళ్లజూస్తుంటే "భగ్గుమన్న" అంటున్నారు.

---

శ్రావ్య | 14 అక్టోబరు 2024, రాత్రి 10:05

అన్నా, మీ మాట అమ్మమ్మకు చదివి వినిపించాను. "ఆ అబ్బాయి ఈ ఏడాది ఎన్ని ఎకరాలు వేశాడు?" అని అడుగుతోంది. ఇంకో ప్రశ్న కూడా ఉంది. ఇప్పటి ఈ ఎక్కువ ధరలు వచ్చే ఏడాది కింది అంకె అవుతాయి కదా, అప్పుడు మళ్లీ అంతా బాగుందని చెబుతారా అంటోంది.

---

పాత ఎన్యూమరేటరు | 14 అక్టోబరు 2024, రాత్రి 10:30

కొత్త పంట బాగా వస్తే తప్పకుండా చెబుతారు, పెద్ద అక్షరాల్లో చెబుతారు. పంట పోతే పై అంకె కూడా ఎక్కుతుంది, అప్పుడు చెప్పలేరు. ఈ ఏడాది పేజీలు మాత్రం పారేయవద్దని చెప్పు.

---

మదనపల్లె రైతుబిడ్డ | 14 అక్టోబరు 2024, రాత్రి 10:45

రెండెకరాలు వేశాను. సగం వానకు పోయింది. వచ్చే ఏడాది ఏం వేయాలో ఇంకా అనుకోలేదు.

---

పింఛనుదారు 62 | 14 అక్టోబరు 2024, రాత్రి 11:02

దీపావళికి ముందు ప్రకటిస్తారంటున్నారు. నిజమేనా?